షోకాజ్ నోటీసుకి జవాబు: జరిగింది ఒప్పుకోవడం వేరు, నేరం ఒప్పుకోవడం వేరు

షోకాజ్ నోటీసు చేతికొచ్చిన రోజు చాలామంది రెండే రకాల ఉత్తరాలు రాస్తారు. ఒకటి, "తప్పయింది సార్, ఈ ఒక్కసారికి క్షమించండి, ఇంకెప్పుడూ ఇలా జరగదు" అని నాలుగు లైన్లలో కాళ్లమీద పడిపోయే ఉత్తరం. రెండోది, అంతకుముందు మూడేళ్లుగా మనసులో పెట్టుకున్నదంతా, మేనేజర్ పక్షపాతంతో సహా, ఆరు పేజీల్లో కక్కేసే ఉత్తరం. నేను చాలా ఏళ్లు హెచ్ఆర్‌లో ఉన్నాను, అంటే ఆ ఉత్తరాలు చదివే వైపు కూర్చున్నాను. రెండోది రాసినవాళ్లకి నష్టం జరుగుతుందని అందరికీ తెలుసు. కానీ నిజానికి ఎక్కువ నష్టం మొదటి ఉత్తరంతోనే జరిగేది, అదీ ఆర్నెల్లకో ఏడాదికో బయటపడేది.

ముందు ఆ నోటీసు ఏమిటో చూద్దాం. సంజాయిషీ నోటీసు శిక్ష కాదు, అదొక ప్రశ్న. "ఇలా జరిగిందని మా దృష్టికి వచ్చింది, మీమీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పండి" అని అడగడం. అవతలివాడి మాట వినకుండా శిక్ష వేయకూడదన్న సహజ న్యాయ సూత్రం నుంచి వచ్చిన పద్ధతి ఇది. మీ జవాబు బాగుంటే ఫైలు అక్కడితో మూసేయొచ్చు, హెచ్చరికతో వదిలేయొచ్చు, లేదా అభియోగ పత్రం ఇచ్చి విచారణ పెట్టొచ్చు. జవాబు ఇవ్వకపోతే మాత్రం "అవకాశం ఇచ్చాం, వాడుకోలేదు" అని రాసుకుని ముందుకెళ్తారు. ఇంకోటి, మీ జవాబు చదివేది నోటీసు మీద సంతకం పెట్టినాయన ఒక్కడే కాదు. విచారణ అధికారి చదువుతాడు, అప్పీలు వినే పైవాడు చదువుతాడు, గొడవ పెద్దదైతే లేబర్ కోర్టు కూడా చదువుతుంది. వాళ్లెవరికీ మీరు తెలీదు, ఆ రోజు ఆఫీసులో ఏం జరిగిందో తెలీదు, కాగితం మీద ఉన్నదే తెలుసు.

ఇక అసలు సంగతి. మా బంధువుల అమ్మాయి ఒక కంపెనీలో సేల్స్ కోఆర్డినేటర్. ఒకరోజు రాత్రి ఫోన్ చేసింది.

"బాబాయ్, నాకు షోకాజ్ ఇచ్చారు. మా మేనేజర్ సారేమో సారీ చెప్పి రాసిచ్చేయ్, ఇక్కడితో వదిలేస్తారు అంటున్నారు."

"నోటీసు మీద సంతకం ఆయనదేనా?"

"కాదు, హెచ్ఆర్ హెడ్‌ది."

"మరి వదిలేస్తామని ఆయన ఎలా చెప్తాడమ్మా? నోటీసు ఫొటో తీసి పంపు."

నోటీసులో అసలు వాక్యం ఒక్కటే, చాంతాడంత. వివరాలు కొద్దిగా మార్చి రాస్తున్నాను. "మీరు 14వ తేదీన ఒక కస్టమర్‌కి సంబంధించిన కొటేషన్‌ను తీవ్ర నిర్లక్ష్యంతో వేరొక కస్టమర్‌కి పంపి, ఆ విషయాన్ని పై అధికారులకు తెలియజేయకుండా దాచి, కంపెనీకి నష్టం కలిగించారు, గతంలో కూడా ఇటువంటి పొరపాట్లు చేసియున్నారు, కావున మీపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో 72 గంటల్లో తెలియజేయగలరు."

నిజంగా జరిగింది ఇది. సాయంత్రం 6.40కి కొటేషన్ మెయిల్ చేసింది. అడ్రసు మొదటి మూడు అక్షరాలు కొట్టగానే మెయిల్ ప్రోగ్రామే ఒక పేరు చూపించింది, ఎంటర్ కొట్టేసింది. రెండు కస్టమర్ల దగ్గరా అదే పేరుగలవాళ్లు ఉన్నారు. 6.52కి పంపినవి సరిచూసుకుంటుంటే కనబడింది. వెంటనే ఆ కస్టమర్‌కి ఇంకో మెయిల్ పెట్టింది, పొరపాటున వచ్చింది, దయచేసి తెరవకుండా తీసేయండి అని. 7.05కి మేనేజర్‌కి ఫోన్ చేసి చెప్పింది. 7.20కి అవతలి నుంచి "తీసేశాం" అని జవాబు వచ్చింది. ఆ జవాబుని మేనేజర్‌కి ఫార్వర్డ్ కూడా చేసింది.

ఇప్పుడు ఆ నోటీసు వాక్యాన్ని మళ్లీ చదవండి. మెయిల్ వేరేవాళ్లకి వెళ్లిందన్న ఒక్క నిజం చుట్టూ ఇంకో నాలుగు మాటలు అల్లారు. తీవ్ర నిర్లక్ష్యం అంటే ఆమె మనసు గురించి చెప్తున్న మాట. దాచడం ఇంకో విడి ఆరోపణ, అదీ అబద్ధం. నష్టం అనేది లెక్క లేని మాట. గతంలో కూడా అనేదానికి తేదీ లేదు. ఎవరో కావాలని కుట్ర పన్ని ఇలా రాశారని కాదు, నోటీసులు తయారుచేసేటప్పుడు పాత నోటీసు తెరిచి, పేరూ తేదీ మార్చి, బరువైన మాటలన్నీ అలాగే ఉంచేయడం మా దగ్గర మామూలే. మేమూ చేశాం.

ఆమె మేనేజర్ చెప్పినట్టు "నోటీసులో పేర్కొన్న తప్పుకు చింతిస్తూ క్షమాపణ కోరుతున్నాను" అని రాసిచ్చిందనుకోండి. నోటీసులో పేర్కొన్నది ఒక తప్పు కాదు, ఐదు మాటలు. ఐదూ ఒప్పేసుకున్నట్టే. దాచలేదని చెప్పడానికి చేతిలో ఫోన్ కాల్ రికార్డు, ఫార్వర్డ్ చేసిన మెయిలు పెట్టుకుని, దాచానని ఒప్పుకుంటూ సంతకం పెట్టడం అన్నమాట. తర్వాత ఎప్పుడో "నేను ఆ ఒక్కదానికే సారీ చెప్పాను" అంటే, ఆ ఉత్తరంలో అలా లేదు కదా అంటారు.

ఒప్పుకున్నదాన్ని మళ్లీ రుజువు చేయనక్కర్లేదు అనేది 1872 నాటి సాక్ష్య చట్టం 58వ సెక్షన్‌లోనే ఉంది, 2023లో దాని స్థానంలో తెచ్చిన చట్టంలోనూ ఆ సూత్రం ఉంది. ఆఫీసు విచారణలకి ఆ చట్టం అక్షరాలా వర్తించదు గానీ ఆలోచన మాత్రం అదే: ఉద్యోగే ఒప్పుకున్నాక సాక్షులెందుకు? మన సుప్రీంకోర్టు దగ్గర దీనికి రెండు వైపులా తీర్పులున్నాయి, ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే విషయం తేటపడుతుంది. 1961లో తీర్పు వచ్చిన మధ్యభారత్ ప్రభుత్వ ఉద్యోగి ఒకాయన కేసులో, అంతకుముందు విచారణలో ఆయన చెప్పిన మాటల్నే నేరాంగీకారంగా తీసుకుని, ఆరోపణలమీద సరైన విచారణ లేకుండానే ఉద్యోగం తీసేశారు. ఆ మాటలు స్పష్టంగా, సందేహానికి తావు లేకుండా తప్పు ఒప్పుకున్నట్టు లేవు, కాబట్టి విచారణ జరపకపోవడం పెద్ద లోపమే అంది కోర్టు. ఆ తర్వాత మైసూరు రాష్ట్ర కానిస్టేబుల్ ఒకాయన కేసులో మాత్రం తీర్పు వేరేగా వచ్చింది. సెలవు లేకుండా వెళ్లాను, నిరాహారదీక్ష చేశాను అన్న సంగతులు ఆయనే ఒప్పుకున్నాడు, తప్పు చేశానని మాత్రం అనలేదు. ఆ సంగతులే అభియోగం అయినప్పుడు వాటిని ఒప్పుకోవడం తప్పు ఒప్పుకోవడంతో సమానమే అంది కోర్టు.

జవాబు రాయడంలో ఉన్న కిటుకంతా ఈ తేడాలోనే ఉంది. ఒప్పుకుంటున్న సంగతీ, మోపిన అభియోగమూ ఒకటేనా, లేక అభియోగంలో ఇంకేదైనా కలిసి ఉందా? "9వ తేదీన మీరు డ్యూటీకి రాలేదు" అనేదే అభియోగమైతే, రాలేదు అని రాసిన క్షణం అది రుజువైపోతుంది. అక్కడ మీకు మిగిలేది కారణం, ఆ కారణానికి కాగితం, మీరు ఎవరికి ఎప్పుడు కబురు పెట్టారన్న వివరం. అదే "తీవ్ర నిర్లక్ష్యంతో పంపారు" అన్నప్పుడు, పంపాను అని ఒప్పుకున్నా నిర్లక్ష్యం ఇంకా రుజువు కావాల్సిందే. మా అమ్మాయిది ఈ రెండో రకం.

కాబట్టి నేను చెప్పింది ఇదే: నోటీసు వాక్యాన్ని ముక్కలు చెయ్యి, ఒక్కో ముక్కకి ఒక్కో నంబరు వెయ్యి, ఒక్కోదానికి మూడింట్లో ఒక జవాబు రాయి. నిజమైతే జరిగింది జరిగినట్టు ఒప్పుకో. నిజం కాకపోతే, కాదు అని రాసి కాగితం జత చెయ్యి. నీకు తెలీని విషయమైతే వివరం అడుగు. ఏ ముక్కనీ జవాబు లేకుండా వదలొద్దు, ఎందుకంటే వదిలేసినదాన్ని చదివేవాడు ఒప్పుకున్నట్టే లెక్కేసుకుంటాడు. అందుకే చివర్లో "పైన నేను స్పష్టంగా ఒప్పుకున్నవి మినహా మిగతా ఆరోపణలను అంగీకరించడం లేదు" అనే వాక్యం ఒకటి ఉంచుకోవాలి. పాతకాలపు వాక్యంలా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

రెండు మూడు సార్లు తిప్పి రాశాక ఉత్తరం ఇలా తేలింది.

"గౌరవనీయులైన హెచ్ఆర్ హెడ్ గారికి,

విషయం: 17వ తేదీ నాటి షోకాజ్ నోటీసుకు నా సంజాయిషీ.

పై నోటీసు నాకు 17వ తేదీ సాయంత్రం 5 గంటలకు అందింది. నా వివరణ చెప్పుకునే అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు. నోటీసులోని అంశాలకు వరుసగా జవాబు ఇస్తున్నాను.

1. 14వ తేదీ సాయంత్రం 6.40కి నేను పంపిన కొటేషన్ మెయిల్ ఉద్దేశించిన కస్టమర్‌కు కాకుండా వేరొక కస్టమర్‌కు వెళ్లిన మాట వాస్తవం. ఇద్దరు కస్టమర్ల వద్దా ఒకే పేరుతో ప్రతినిధులు ఉన్నారు. అడ్రసు టైపు చేసేటప్పుడు మెయిల్ ప్రోగ్రాం చూపిన పేరును ఎంచుకోవడంలో ఇది జరిగింది. ఇలా జరిగినందుకు చింతిస్తున్నాను.

2. ఇది తీవ్ర నిర్లక్ష్యంతో జరిగిందన్న మాటను సవినయంగా అంగీకరించలేకపోతున్నాను. పంపిన మెయిళ్లను సరిచూసుకుంటూ 12 నిమిషాల్లో నేనే దీన్ని గుర్తించి, 6.52కి ఆ కస్టమర్‌కు మెయిల్ తొలగించమని రాశాను. తొలగించినట్టు 7.20కి వారి నుంచి జవాబు వచ్చింది. ఆ రెండు మెయిళ్ల ప్రతులు జతచేస్తున్నాను (జత 1, 2).

3. విషయాన్ని పై అధికారులకు తెలియజేయకుండా దాచానన్నది వాస్తవం కాదు. అదే రోజు 7.05కి మా మేనేజర్ గారికి ఫోన్‌లో తెలియజేశాను. 7.24కి కస్టమర్ జవాబును వారికి ఫార్వర్డ్ చేశాను. కాల్ వివరాలు, ఆ మెయిల్ ప్రతి జతచేస్తున్నాను (జత 3, 4).

4. కంపెనీకి కలిగిన నష్టం ఏమిటో నోటీసులో లేదు. ఆ వివరాలు ఇప్పిస్తే జవాబు ఇవ్వగలను.

5. గతంలో ఇటువంటి పొరపాట్లు చేసినట్టు నాకు ఇంతకుముందు మెమో గానీ, లిఖితపూర్వక హెచ్చరిక గానీ అందలేదు. అటువంటిది రికార్డులో ఉంటే తేదీ, ప్రతి ఇప్పించగలరు.

ఇది మళ్లీ జరగకుండా నా మెయిల్‌లో పేర్లు దానంతటదే చూపే సదుపాయాన్ని ఆపేశాను. పైన స్పష్టంగా ఒప్పుకున్నవి మినహా నోటీసులోని మిగతా ఆరోపణలను నేను అంగీకరించడం లేదు. నా వివరణను పరిశీలించి తదుపరి చర్యలు విరమించవలసిందిగా కోరుతున్నాను. అవసరమైతే స్వయంగా హాజరై వివరించడానికి సిద్ధంగా ఉన్నాను."

ఒక్క పేజీ. జతలు నాలుగు. ఆమె మొదటి డ్రాఫ్టులో ఉన్నవి, తీసేయించినవి కొన్ని ఉన్నాయి, అవి ఇక్కడ లేనందువల్లే ఇది నిలబడింది అనుకుంటాను.

మొదటి అంశంలో ఆమె "నా అజాగ్రత్త వల్ల" అని రాసుకుంది. పాపం, మర్యాదగా ఉంటుందని రాసింది. కానీ అజాగ్రత్త అంటే నిర్లక్ష్యానికి మెత్తటి పేరు, రెండో అంశంలో కాదన్నదాన్ని మొదటి అంశంలోనే ఇచ్చేసినట్టు. దాని బదులు ఏం జరిగిందో వర్ణించమన్నాను. పేరు టైపు చేయడం, ప్రోగ్రాం చూపించడం, ఎంచుకోవడం. చూసినవాడికి అది ఎలాంటి పొరపాటో వాడికే అర్థమవుతుంది, దానికి మనం పేరు పెట్టక్కర్లేదు. ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి: "బాధ్యతారహితంగా", "నియమాలకు విరుద్ధంగా", "ఉద్దేశపూర్వకంగా కాకపోయినా నా తప్పిదమే". మీ ఉత్తరంలో ఇలాంటి ముద్ర వేసే మాట ఉందేమో వెతికి, దాని చోట జరిగిన పని పెట్టండి.

చింతిస్తున్నాను అనొచ్చా అంటే, అనొచ్చు. కొందరు లాయర్లు అదీ వద్దంటారు, నేను ఒప్పుకోను. ఏమీ చింతించని ఉత్తరం చదివితే అన్నంలో రాయి తగిలినట్టుంటుంది, నిర్ణయం తీసుకునేది కూడా మనిషే. కాకపోతే దేనికి చింతిస్తున్నారో ఆ పక్కనే ఉండాలి. "ఇలా జరిగినందుకు" అన్నది ఆ మెయిల్‌కి అతుక్కుని ఉంది. ఉత్తరం చివర విడిగా "జరిగినదానంతటికీ క్షమించగలరు" అని పెడితే అది పైనున్న ఐదు అంశాలమీదా పరుచుకుంటుంది.

డ్రాఫ్టులో ఇంకో పేరా ఉండేది, ఆ వారం ఇద్దరి పని తనొక్కతే చేసిందనీ, పక్క సీటాయన ఇలాంటివి పదిసార్లు చేసినా ఎవరూ అడగలేదనీ. మొదటి సగం పనికొచ్చేదే, సెలవుల రికార్డు చూపించగలిగితే. ఆమె దగ్గర కాగితం లేదు, అందుకని పెట్టలేదు. రెండో సగం కొట్టేయించాను. పక్కవాడి సంగతి రాస్తే మీ పొరపాటు చిన్నదవదు, పైగా రేపు విచారణలో "ఏ పదిసార్లు, చెప్పండి" అంటే మీరు రుజువు చేసుకోవాల్సిన కొత్త గొడవ ఒకటి నెత్తికెత్తుకున్నట్టు.

మూడో అంశం దగ్గర మాత్రం ఆమె చాలాసేపు వెనకాడింది. మేనేజర్‌కి ఫోన్ చేశానని రాస్తే ఆయన్ని ఇరికించినట్టు అవుతుందేమో అని. అందుకే చూడండి, ఆ అంశంలో ఆయన పైకి చెప్పలేదనీ, మర్చిపోయారనీ ఎక్కడా లేదు. నేను 7.05కి చెప్పాను, అంతే. ఆ తర్వాత ఆయన ఏం చేశారన్నది ఆమెకి తెలిసిన విషయం కాదు, తెలీనిదాని గురించి రాయక్కర్లేదు.

నష్టం గురించి "ఏ నష్టమూ జరగలేదు" అని ఆమె రాద్దామనుకుంది. అది ఆమెకెలా తెలుసు? ఆ మొదటి కస్టమర్ నిజంగానే ఆర్డరు ఆపేసి ఉంటే ఈ ఒక్క లైను వల్ల మిగతా ఉత్తరమంతా అనుమానంలో పడుతుంది. ఈ ఫైళ్లు చదివినన్నాళ్లూ నేను గమనించింది, మనిషి ఒప్పుకున్న పొరపాటు వల్ల ఉద్యోగం పోవడం తక్కువ, కాదని బుకాయించి తర్వాత దొరికిపోవడం వల్ల పోవడం ఎక్కువ. సీసీ టీవీ, లాగిన్ రికార్డు, గేటు దగ్గర స్వైపు, ఇవన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి, మీరు రాసే ప్రతి టైమునీ వాటితో పోల్చి చూస్తారు. కచ్చితమైన టైము గుర్తులేకపోతే "సుమారు" అని పెట్టండి.

గడువు సంగతి. 72 గంటలన్నారు కదా, అవి నోటీసు మీదున్న తేదీ నుంచా, మీకు అందినప్పటినుంచా అన్నది నోటీసులోనే చూడాలి, ఎలాగూ అందిన టైము ఉత్తరంలో రాయడం మంచిది. నోటీసు తీసుకునేటప్పుడు సంతకం పెట్టమంటే పెట్టండి, కింద తేదీ, టైము వేయండి. అందుకున్నానన్న సంతకం ఒప్పుకున్నానన్న సంతకం కాదు, తీసుకోనని మొండికేస్తే అదో కొత్త అభియోగమవుతుంది. నోటీసులో ఏదో రిపోర్టు, ఫిర్యాదు ఆధారంగా అని ఉండి అది మీకివ్వకపోతే, గడువు లోపలే రెండు లైన్ల ఉత్తరం పెట్టండి: ఫలానా ప్రతి ఇప్పించగలరు, అది అందిన తర్వాత జవాబుకి ఇన్ని రోజులు కావాలి అని. ఇవ్వకపోతే గడువు దాటనివ్వకుండా ఉన్నదాంతో జవాబు ఇచ్చి, ప్రతి అడిగినా అందలేదని అందులోనే రాయండి. గడువు అడిగాను కదా అని ఊరుకుంటే మాత్రం అది జవాబు ఇవ్వనట్టే.

ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకెళ్లాలి. రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోవాలి. వెయ్యం అని వాళ్లంటే, అదే ఉత్తరం మెయిల్ కూడా చేసేస్తే సరి. ఆ మెయిల్, దానికి జత చేసినవీ మీ దగ్గర ప్రింటు తీసి పెట్టుకోండి, ఎందుకంటే సస్పెండ్ చేస్తే ముందు పోయేది మెయిల్ లాగినే. అలాగని ఆఫీసు ఫైళ్లన్నీ సొంత మెయిల్‌కి పంపించుకోకండి, రహస్య సమాచారం బయటికి పంపారని రెండో నోటీసు వస్తుంది.

పన్నెండు రోజులకి హెచ్ఆర్ నుంచి లెటర్ వచ్చింది. దాచడం గురించి, గతం గురించి, నష్టం గురించి అందులో ఒక్క మాట లేదు. "14వ తేదీన జరిగిన పొరపాటు దృష్ట్యా ఇకముందు జాగ్రత్తగా ఉండవలసిందిగా సూచించడమైనది" అని రెండు లైన్లు. నాకు ఫోన్ చేసి, "ఇది కూడా సర్వీసు ఫైల్లో ఉంటుందా బాబాయ్?" అని అడిగింది. ఉంటుందమ్మా, అన్నాను. దాని కిందే నీ జవాబు కూడా పెట్టారో లేదో ఒకసారి అడిగి చూసుకో.